పట్టుకున్న టీడీఎస్ ఎవరి లెక్కలో పడింది?

విజయవాడలోని ఓ సంస్థ తన గోదాముకు రంగులు వేయించిందనుకుందాం. కాంట్రాక్టరు బిల్లు రూ.4 లక్షలు. అందులో 1 శాతం, అంటే రూ.4,000 టీడీఎస్‌గా పట్టుకుని చలానా కట్టింది. 2024 జులై-సెప్టెంబరు త్రైమాసికానికి 26క్యూ స్టేట్‌మెంట్‌నూ గడువులోగా దాఖలు చేసింది. తీరా కాంట్రాక్టరు తన రిటర్ను వేయడానికి 26ఏఎస్ తెరిస్తే ఆ రూ.4,000 జాడే లేదు.

డబ్బు ప్రభుత్వానికి చేరింది. కాకపోతే పాన్‌లో 57 అని ఉండాల్సిన చోట 75 అని పడింది.

ఆ తప్పు నంబరు ఎవరికీ చెందనిదైతే విషయం త్వరగానే బయటపడుతుంది. పాన్ లేనివారికి వర్తించే 20 శాతం లెక్కన రూ.80,000 పట్టుకోవాలి కాబట్టి, మిగతా రూ.76,000 వడ్డీతో కట్టమని సంస్థకు నోటీసు వస్తుంది. అసలు చిక్కు అది మరొకరి పాన్ అయినప్పుడే. స్టేట్‌మెంట్ ఏ అభ్యంతరమూ లేకుండా ప్రాసెస్ అయిపోతుంది, జమ ఆ అపరిచితుడి 26ఏఎస్‌లో పడుతుంది. దీన్ని కాంట్రాక్టరు తనంతట తాను సరిచేసుకోలేడు. స్టేట్‌మెంట్ వేసిన సంస్థే దిద్దాలి.

అందుకు సంస్థ ట్రేసెస్ పోర్టల్‌లో లాగిన్ అయి Request for Correction ఎంచుకుని, ఆర్థిక సంవత్సరం, త్రైమాసికం, ఫారం, చివరిగా ఆమోదం పొందిన స్టేట్‌మెంట్ టోకెన్ నంబరు ఇవ్వాలి. అభ్యర్థన సిద్ధమయ్యాక, చలానా వివరాలతో గుర్తింపు తనిఖీ ముగించి, పాన్ సవరణలో ఆ కాంట్రాక్టరు వరుసను వెతికి నంబరు మార్చాలి. ఈ ఆన్‌లైన్ పద్ధతికి డిజిటల్ సంతకం కావాలి. అది లేనివారు ట్రేసెస్ నుంచి కన్సో ఫైలు దింపుకుని, రిటర్ను తయారీ సాఫ్ట్‌వేర్‌లో దిద్ది, మళ్లీ దాఖలు చేయవచ్చు.

ఇక్కడే కొందరు పొరబడతారు. తప్పు వరుసను అలాగే ఉంచి సరైన పాన్‌తో కొత్త వరుస చేరుస్తారు. అప్పుడు ఒకే రూ.4,000 రెండు చోట్ల చూపినట్టవుతుంది, చలానా సొమ్ము చాలదు. ఉన్న వరుసనే మార్చాలి. పైగా, ఎవరిదో అయిన పాన్‌ను మరో పాన్‌గా మార్చే అవకాశం ఆ వరుసకు ఒక్కసారే ఉంటుంది. కాబట్టి కాంట్రాక్టరు నుంచి పాన్ కార్డు కాపీ తెప్పించుకుని, ట్రేసెస్‌లోని పాన్ తనిఖీలో ఆయన పేరే వస్తోందని చూసుకున్నాకే సబ్మిట్ నొక్కాలి.

సవరణ ప్రాసెస్ అయ్యాక జమ కాంట్రాక్టరు 26ఏఎస్‌లోకి మారుతుంది. పాత ఫారం 16ఏ మీద తప్పు పాన్ ఉంటుంది కనుక సంస్థ కొత్తది దింపి ఇవ్వాలి. రిటర్ను గడువు దగ్గరపడితే కాంట్రాక్టరు ముందే ఒత్తిడి తేవడం మంచిది. 26ఏఎస్‌లో లేని జమను రిటర్నులో చూపితే ఆ మేరకు రిఫండ్ తగ్గుతుంది, లేదా పన్ను బాకీ నోటీసు వస్తుంది.