సూది గుచ్చుకున్న తర్వాత: పోస్టర్‌లో ఎవరూ చదవని సగం

ఆసుపత్రుల్లో నర్సింగ్ స్టేషన్ పక్కన, ల్యాబులో, ఆపరేషన్ థియేటర్ బయట ఒక పోస్టర్ కనిపిస్తుంది. సూది గుచ్చుకున్న వేలు, కొళాయి, సబ్బు బొమ్మలు పెద్దగా ఉంటాయి. అడుగున చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలుంటాయి: వెంటనే తెలియజేయండి, తర్వాతి పరీక్షలు చేయించుకోండి. బొమ్మల వరకూ అందరికీ కంఠతా వచ్చు. నర్సుని కాపాడేది మాత్రం చాలావరకు ఆ చిన్న అక్షరాలే.

ఒక సందర్భం అనుకుందాం. రాత్రి 1:40. స్టాఫ్ నర్సు రోగి చేతి నుంచి రక్తం తీసి సూది బయటికి లాగుతుండగా రోగి ఒక్కసారిగా చెయ్యి కదిపాడు. సూది గ్లవ్ దాటి ఆమె ఎడమ బొటనవేలిలో దిగింది. గ్లవ్ తీసి చూస్తే చిన్న రక్తపు చుక్క.

ఇలాంటప్పుడు చాలామంది ముందు చేసే పని వేలు గట్టిగా నొక్కి రక్తం పిండటం. కొందరు అలవాటుగా నోట్లో పెట్టుకుంటారు, ఇంకొందరు స్పిరిట్ పోస్తారు. ఈ మూడూ వద్దంటుంది పోస్టర్. పిండితే వైరస్ బయటికొస్తుందన్న రుజువేమీ లేదు, పైగా గాయం చుట్టూ కణజాలం నలుగుతుంది. బ్లీచింగ్ లాంటి ఘాటైన ద్రావణాలు చర్మాన్ని కాలుస్తాయి. కారే నీళ్ల కింద సబ్బుతో కడుక్కోవాలి, అంతే. రక్తం కంట్లో చిందితే మంచినీళ్లతో గానీ సెలైన్‌తో గానీ కన్ను బాగా కడగాలి, సబ్బు తగలనివ్వకూడదు.

ఇక్కడిదాకా అయిదు నిమిషాల పని. ఆ తర్వాతే కథ దారి తప్పుతుంది. వార్డులో ఇరవై మంది రోగులున్నారు, తానొక్కతే ఉంది. డ్యూటీ డాక్టర్‌ని నిద్ర లేపడం ఎందుకు, తెల్లారాక చూద్దాం అనుకుంటుంది. పొద్దున హ్యాండోవర్ హడావుడిలో ఆ మాట మరుగున పడుతుంది. సూది సరిగ్గా పట్టుకోవడం రాదా అని సిస్టర్ ఇన్‌చార్జి అంటుందేమోనన్న బెరుకు సరేసరి.

తెల్లారేదాకా ఆగకూడదని అనడానికి కారణం ఉంది. హెచ్‌ఐవి సోకకుండా వాడే మందు మొదటి మోతాదు వీలైతే 2 గంటల్లోపు పడాలి. 72 గంటలు దాటితే దాన్ని మొదలుపెట్టరు. మన దేశంలో ఇప్పుడు వాడేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర. రోజుకొకటి చొప్పున 28 రోజులు. రిపోర్టులు వచ్చేదాకా ఆగకుండా మొదటి మాత్ర వేసుకోవాలి. ఆ తర్వాత రోగికి హెచ్‌ఐవి లేదని తేలితే మందు ఆపేస్తారు. ఆ రోగి అనుమతి తీసుకునే పరీక్ష చేయాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి. 2017 హెచ్‌ఐవి చట్టం చెప్పేది ఇదే. సిబ్బందికి ఈ మందు అందేలా చూడటం ఆసుపత్రి బాధ్యత అని కూడా అదే చట్టం చెబుతుంది.

డ్యూటీ డాక్టర్ నింపే ఫారంలో ప్రశ్నలు విసుగు పుట్టిస్తాయి: సూది బోలుదా, కుట్లు వేసేదా? ఎంత లోతుగా దిగింది? దాని మీద రక్తం కనబడిందా? నేరుగా రక్తనాళంలోంచి తీసినదా? ఇవి ఊరికే అడిగేవి కావు. 1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో లోతైన గాయం, కనబడే రక్తం, రక్తనాళంలోంచి వచ్చిన సూది, వ్యాధి ముదిరిన రోగి, ఇవే హెచ్‌ఐవి ముప్పును పెంచాయని తేలింది. అప్పట్లో వాడిన జిడోవుడిన్ ఒక్కటే ఆ ముప్పును 81 శాతం తగ్గించింది. మన నర్సుకి గుచ్చుకున్నది బోలు సూది, అదీ రక్తనాళంలోంచి అప్పుడే తీసినది. కాబట్టి ఈ గాయాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

అలాగని గుండె జారిపోవాల్సిన పనీ లేదు. హెచ్‌ఐవి ఉన్న రోగి రక్తంతో సూది గుచ్చుకున్నా, మందు వాడకపోయినా, సోకేది దాదాపు 300 మందిలో ఒకరికి. అందరూ హెచ్‌ఐవి పేరు చెప్పి భయపడతారు గానీ అంతకంటే ఎన్నో రెట్లు సులువుగా సోకేది హెపటైటిస్ బి. టీకా లేనివాళ్లలో, రోగి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు, 100 మందిలో 30 మంది దాకా సోకవచ్చు. అందుకే డాక్టర్ టీకా సంగతి అడుగుతాడు. మూడు డోసులూ పూర్తయి, రక్తంలో రక్షణ 10 యూనిట్లకు మించి ఉందని పరీక్షలో ఒకసారి తేలితే ఇక బెంగ లేదు. టీకాయే వేసుకోని వాళ్లకి, రోగికి హెపటైటిస్ బి ఉందని తెలిస్తే, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది 24 గంటల్లో పడితే మేలు. హెపటైటిస్ సికి ముందుజాగ్రత్త మందు లేదు. సోకితే మాత్రం 12 వారాల మాత్రలతో నయం చేయవచ్చు, ప్రభుత్వ కార్యక్రమంలో అవి ఉచితం. కాకపోతే సోకిందని తెలియాలిగా!

అక్కడే పరీక్షల క్యాలెండర్ అవసరం పడుతుంది. గుచ్చుకున్న వెంటనే చేసే మొదటి రక్తపరీక్ష ఇప్పటి గాయం గురించి ఏమీ చెప్పదు. ఆ రోజుకి ఆ నర్సుకి ఏ వైరస్సూ లేదని అది నమోదు చేస్తుంది. రేపు సోకిందని తేలితే డ్యూటీలోనే సోకిందని చూపడానికి ఆధారం ఆ కాగితమే. ఆపైన 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి మళ్లీ హెచ్‌ఐవి పరీక్ష. ఆ మధ్యకాలంలో రక్తదానం చేయకూడదు, భర్తతో కలిసినప్పుడు కండోమ్ వాడాలి. బిడ్డకి పాలిస్తున్న తల్లి అయితే ఆ సంగతి మొదటి రోజే డాక్టర్‌కి చెప్పాలి.

28 రోజుల మందు మధ్యలో మానేసేవాళ్లున్నారు. మొదటి వారం వికారం, నీరసం పెడతాయి. ఇంకో చిక్కుంది: ఐరన్, కాల్షియం మాత్రలు, అసిడిటీ మందులు డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. వాటికి కనీసం 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ ఈ మాత్ర వేసుకోవాలి. రక్తహీనతకి ఐరన్ వాడుతున్నవాళ్లకి ఇది తప్పక చెప్పాల్సిన ముక్క.

పోస్టర్ అసలు చేరనిది ఆయాలకి, పారిశుద్ధ్య కార్మికులకి. సంచిలో ఎవరో పడేసిన సూది గుచ్చుకుంటే అది ఏ రోగిదో తెలియదు. కాంట్రాక్టు ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నోరు మెదపరు. 1998లో అమెరికా నర్సు కేరెన్ డేలీకి సూదులు వేసే డబ్బాలోనే చేతికి సూది దిగి హెచ్‌ఐవి, హెపటైటిస్ సి రెండూ సోకాయి. ఆవిడ దాచుకోకుండా బయటికొచ్చి మాట్లాడింది. 2000లో అక్కడ సూదుల భద్రతా చట్టం రావడంలో ఆవిడ పోరాటం పాత్ర పెద్దది. మన దగ్గర 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు సూదుల్ని చిల్లు పడని తెల్ల డబ్బాలోనే వేయాలంటాయి, ఆ వ్యర్థాలు ఎత్తేవాళ్లకి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించమంటాయి.

పోస్టర్ వేయించే ఆసుపత్రులు అందులో ఒక గీత ఖాళీ వదిలేస్తుంటాయి: ఎవరికి ఫోన్ చేయాలి? అర్ధరాత్రి ఎత్తే నంబరు అక్కడ రాయాలి, మొదటి మోతాదు మాత్రలు క్యాజువాలిటీలో ఉంచాలి. ఈ రెండూ లేనిచోట 2 గంటల లెక్క కాగితం మీదే మిగులుతుంది.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి ఒక మాట. వాడిన సూదిని వంటింటి చెత్తబుట్టలో వేయకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన ‘సూదులు’ అని రాసి, చెత్త తీసుకెళ్లే మనిషికి విడిగా చెప్పి ఇవ్వండి.