‘రూ.’ పక్కన చుక్కతో వచ్చే చిక్కు

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బైకులు ఎంతకు పోతున్నాయో తెలుసుకోవాలని ఒకరు నాలుగైదు సైట్లలోని ప్రకటనలను ప్రోగ్రామ్ సాయంతో ఒక పట్టికలోకి తెచ్చుకున్నారనుకుందాం. దీన్నే స్క్రేపింగ్ అంటారు. తెచ్చిన పట్టికలో ధర, తేదీ, ఫోను నంబరు అన్నీ కనిపిస్తాయి గానీ, కంప్యూటర్‌కు అవన్నీ ఉత్త అక్షరాలే. సగటు ధర కట్టాలన్నా, పాత ప్రకటనలు తీసేయాలన్నా ముందు వాటిని అంకెగా, తేదీగా మార్చాలి.

ధరతో మొదలుపెడదాం. ఒకరు ‘రూ. 1,25,000/-’ అని రాస్తారు, ఇంకొకరు ‘1.25 లక్షలు’ అంటారు, మరొకరు ‘85k’ అని వదిలేస్తారు. కొత్తగా ఈ పని చేసేవారు అంకెలు, చుక్క తప్ప మిగతావన్నీ తీసేస్తారు. అప్పుడు ‘రూ. 499.00’ కాస్తా ‘.499.00’ అవుతుంది. ‘రూ.’ పక్కనున్న చుక్క కూడా మిగిలిపోయింది కదా! దాన్ని సంఖ్యగా మార్చబోతే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఆగితే నయమే, తప్పు బయటపడుతుంది. చుక్కలన్నీ తీసేస్తే మాత్రం ఆ 499 రూపాయలు 49,900 అయి, ఏ హెచ్చరికా లేకుండా పట్టికలో చేరిపోతాయి. అందుకే అక్కర్లేనివి తీసేయడం కంటే, కావలసిన సంఖ్య ఏ రూపంలో ఉంటుందో చెప్పి దాన్ని వెతికించడం మేలు. అంకెతో మొదలై, మధ్యలో కామాలు, చివర దశాంశం ఉండగలదని పైథాన్‌లో ఇలా చెప్పవచ్చు:

```python
m = re.search(r"\d[\d,]*(?:\.\d+)?", text)
price = Decimal(m.group().replace(",", "")) if m else None
```

తర్వాత పక్కన ‘లక్ష’ ఉంటే 1,00,000తో, ‘k’ ఉంటే 1,000తో గుణించాలి. అప్పుడు మొదటి రెండు రాతలకూ 1,25,000 వస్తుంది. ‘ధరకు ఫోన్ చేయండి’ అన్న గడిలో అసలు సంఖ్యే దొరకదు. దాన్ని ఖాళీగానే వదలాలి. సున్నా పెడితే సగటు అన్యాయంగా పడిపోతుంది.

తేదీల దగ్గర చిక్కు ఇంకా లోతైనది. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. ఆ ఒక్క గడిని ఎంతసేపు చూసినా ఏది సరైనదో తేలదు. ఆ సైటు నుంచి వచ్చిన తేదీలన్నీ కలిపి చూడాలి. మొదటి స్థానంలో ఎక్కడైనా 25 కనబడి, రెండో స్థానంలో 12 దాటింది ఒక్కటీ లేకపోతే, ఆ సైటు రోజును ముందు రాస్తోందని నమ్మవచ్చు. పైథాన్‌లో అందరూ వాడే పాండాస్ లైబ్రరీ 2023లో 2.0 వెర్షన్ వచ్చేవరకు, ఏమీ చెప్పకపోతే ప్రతి గడినీ విడిగా ఊహించేది. 03/04ను మార్చి 4 అనుకునేది, నెల 25 ఉండదు కాబట్టి 25/04ను ఏప్రిల్ 25 అనుకునేది. ఒకే వరుసలో రెండు పద్ధతులు! రూపాన్ని మనమే `%d/%m/%Y` అని కచ్చితంగా చెబితే ఈ గందరగోళం ఉండదు. మార్చిన తర్వాత, ప్రకటన తెచ్చిన రోజు కంటే ముందుకు పోయిన తేదీలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే రోజు, నెల తారుమారయ్యాయనే అనుమానించాలి. ‘నిన్న’, ‘2 రోజుల క్రితం’ లాంటివాటికి పట్టికను ఏ రోజు తెచ్చామో రాసిపెట్టుకోకపోతే విలువే లేదు. చివరికి అన్నిటినీ ఐఎస్ఓ 8601 ప్రకారం 2025-04-03 రూపంలో ఉంచితే అక్షర క్రమమే కాలక్రమం అవుతుంది.

ఫోను నంబరు ఇక్కడ ఎందుకంటే, ఒకే బండిని ఒకే మనిషి రెండు సైట్లలో పెట్టాడేమో పట్టుకోవడానికి. ఒకచోట +91తో, ఇంకోచోట ముందు సున్నాతో, మరోచోట ఉత్త పది అంకెలతో ఉంటుంది. అంకెలను మాత్రం ఉంచి లెక్కించాలి. పన్నెండు ఉండి 91తో మొదలైతే ఆ రెండూ తీసేయాలి, పదకొండు ఉండి సున్నాతో మొదలైతే సున్నా తీసేయాలి. లెక్కించకుండా 91 కనబడగానే తీసేస్తే, 91తోనే మొదలయ్యే పదంకెల మొబైల్ నంబరు ఎనిమిది అంకెలకు కుదించుకుపోతుంది. మిగిలిన పదిలో మొదటిది 6 నుంచి 9 లోపు ఉంటే మొబైల్ కావచ్చు. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ అయితే 040లో సున్నా పోయి 4తో మొదలవుతుంది, కనుక దాన్ని తప్పుడు నంబరని పారేయకూడదు. ముందు +91 చేర్చి అన్నిటినీ ఒకే రూపంలోకి తేవాలి. ఆ గడి రకం మాత్రం అక్షరాలుగానే ఉండాలి. ఫోను నంబర్లను కూడేదీ లేదు, తీసేసేదీ లేదు. సంఖ్యగా ఉంచితే ఎక్సెల్ ముందు సున్నాను మింగేస్తుంది, పన్నెండంకెలను 9.1E+11 తరహాలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే మిగతా అంకెలు తిరిగి రావు.

ఇంత చేసినా కొన్ని గడులు తేలవు. వాటిని ఊహించి నింపకండి, ఖాళీగా ఉంచి ఎన్ని మిగిలాయో లెక్క రాసుకోండి. శుభ్రం చేసిన విలువను కొత్త వరుసలో పెట్టి, సైటు నుంచి వచ్చిన అసలు రాతను దాని పక్కనే చెరపకుండా ఉంచండి.