తప్పు తేలినా పరిహారం రాని కేసు

ఎర్ర సిగ్నల్ దాటిన బైకు ఒక పాదచారిని గుద్ది, కాలు విరిగిందనుకుందాం. జాగ్రత్తగా నడపడం ఆ యువకుడి బాధ్యత, దాన్ని తప్పాడు, అందువల్లే ప్రమాదం జరిగింది, నష్టం కళ్లెదుటే ఉంది. నిర్లక్ష్యం కేసు గెలవాలంటే ఈ నాలుగూ రుజువు కావాలి.

చిక్కు ఎక్కువగా మూడోదాని దగ్గరే.

1966 జనవరి 1 తెల్లవారుజామున లండన్‌లో ముగ్గురు కాపలాదారులు టీ తాగి, వాంతులతో ఆసుపత్రికి వెళ్లారు. నర్సు ఫోన్ చేసినా డాక్టరు వచ్చి చూడలేదు. ఇంటికెళ్లి సొంత వైద్యుల్ని కలవమన్నాడు. కొన్ని గంటలకే ఒకరు చనిపోయారు. టీలో ఆర్సెనిక్ ఉంది.

భార్య దావా వేసింది. పరీక్షించకపోవడం తప్పేనని కోర్టు అంది. కానీ వెంటనే చేర్చుకున్నా, విషమేదో తేల్చి విరుగుడు ఇచ్చేలోపే ప్రాణం పోయేదని సాక్ష్యాల్లో తేలింది. ఆమెకు పరిహారం దక్కలేదు. మనసుకు కష్టమనిపించినా తీర్పు సబబే. విరుగుడు వేళకు అంది ఆయన బతికే అవకాశమే ఎక్కువని నిరూపించగలిగితే ఫలితం మారేది.