పెళ్లి డీవీడీ కోసం డ్రైవ్ కొనాలా?

బీరువాలో పాత పెళ్లి డీవీడీలు ఉంటే డ్రైవ్ కొనడం దండగ కాదు. ఇంట్లో రాసిన డిస్కుల పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది కాబట్టి ఆలస్యం మంచిది కాదు. అవేవీ లేకపోతే మాత్రం ఆ ఊసే వద్దు.

కొత్త క్యాబినెట్లలో చాలావాటికి డ్రైవ్ పెట్టే అర ఉండదు. ఉంటే సాటా డ్రైవ్ బిగించి, ఒక కేబుల్ మదర్‌బోర్డుకు, మరొకటి పవర్ సప్లైకి కలపాలి. లేకపోతే యూఎస్‌బీ డ్రైవే సుఖం. అది టిక్‌టిక్‌మంటూ మాటిమాటికీ డిస్కనెక్ట్ అవుతుంటే కరెంటు చాలడం లేదేమో చూడాలి. హబ్ తీసేసి, డెస్క్‌టాప్ వెనకవైపు పోర్టులో నేరుగా గుచ్చండి. తెరిస్తే VIDEO_TS అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా కాపీ చేసుకుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది. కాపీ ఒకచోట ఆగిపోతే డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. ఇంకా ఆగితే మరో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒకటి చదవలేనిది మరొకటి చదవడం మామూలే.

కార్డ్ రీడర్ కెమెరా వాడేవారికే అవసరం. యూఎస్‌బీ 3 రకం తీసుకుని, అదే వేగమున్న పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 2లో గుచ్చితే వేగం సెకనుకు సుమారు 40 ఎంబీ దాటదు.