ఆర్కిడ్ మళ్లీ ఎందుకు పూయదు?

కొన్నప్పుడు కొమ్మ నిండా పూలు. మూడు నెలలపాటు వాడకుండా ఇంటికొచ్చినవాళ్లందరి చేతా 'ప్లాస్టిక్‌వా, నిజమైనవా?' అనిపించుకుంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే రాలిపోతాయి. ఇక ఆకులే ఆకులు. ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. మొక్క చావదు, అలాగని పూయదు. నర్సరీలో అడిగితే 'రాత్రిపూట చల్లగా పెట్టండమ్మా, అదే పూస్తుంది' అంటారు. ఆ మాటలో నిజం ఉంది కానీ సగమే.

మనకు బహుమతిగా వచ్చే ఆర్కిడ్‌లలో ఎక్కువ భాగం ఫెలనాప్సిస్. వెడల్పాటి ఆకులు, సీతాకోకచిలుకల్లాంటి పూలు ఉండేది. ఈ రకం ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, తైవాన్ వైపు అడవుల్లో చెట్ల మొదళ్లని పట్టుకుని బతుకుతుంది. అంటే దానికి మట్టి అలవాటు లేదు, నేరుగా పడే ఎండా అలవాటు లేదు. వేళ్లకు మాత్రం గాలి కావాలి.

కూకట్‌పల్లిలో ఉండే మా పిన్నికి షష్టిపూర్తికి ఇలాంటి మొక్కే ఒకటి వచ్చింది. రెండున్నరేళ్లు ఆకులు తప్ప ఏమీ లేవు. 'చూడవే, రోజూ నీళ్లు పోస్తున్నాను, ఎరువు వేస్తున్నాను, దీనికింకేం కావాలి? ఈ నెలలో పూయకపోతే పారేస్తాను' అంది. మొక్క టీవీ స్టాండ్ మీద ఉంది. కిటికీకి పదడుగుల దూరం. ఆకులు ముదురు ఆకుపచ్చ రంగులో, పొడుగ్గా సాగి వాలిపోయి ఉన్నాయి. చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి, అదే మోసం. ఆర్కిడ్ ఆకు మరీ ముదురు పచ్చగా ఉందంటే దానికి వెలుతురు చాలడం లేదని. సరైన వెలుతురులో ఉన్న ఆకు కాస్త లేత పచ్చగా, గట్టిగా ఉంటుంది. అంచుల్లో ఎరుపు తిరిగితే ఎక్కువైనట్టు.

ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి చూస్తే టీవీ స్టాండ్ దగ్గర 300 లక్స్ కూడా లేదు. ఈ మొక్క పూయాలంటే పగటిపూట చాలా గంటలు సుమారు 10,000 లక్స్ ఉండాలి. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాదు కానీ ఇంత తేడా ఉన్నప్పుడు సరిపోతుంది. యాప్ లేకపోయినా ఫర్వాలేదు. మధ్యాహ్నం ఆకుకు అడుగు ఎత్తున అరచేయి పెట్టండి. నీడ అస్సలు పడకపోతే వెలుతురు తక్కువ. గీసినట్టు నల్లగా పడితే ఎక్కువ. అంచులు చెదిరిన మెత్తని నీడ పడితే సరైన చోటు. మన ఇళ్లలో తూర్పు కిటికీ దగ్గర, పల్చటి కర్టెన్ వెనక ఇలాంటి చోటు దొరుకుతుంది.

తర్వాత కుండీ. బయటి పింగాణీ కుండీకి అడుగున రంధ్రమే లేదు. లోపలి ప్లాస్టిక్ కుండీ తీసి చూస్తే, వేళ్ల చుట్టూ నాచు గట్టిగా చుట్టి ఉంది, తడిసి ముద్దగా. అమ్మేవాళ్లకు అది సౌకర్యం, రవాణాలో తడి ఆరదు. మన ఇంట్లో మాత్రం వేళ్లకు ఊపిరాడదు. మొత్తం 14 వేళ్లుంటే 9 కుళ్లిపోయాయి. కుళ్లిన వేరును గుర్తు పట్టడం తేలికే. నొక్కితే బోలుగా ఉంటుంది, తొక్క ఊడివచ్చి లోపల దారంలాంటి నార మిగులుతుంది. మంచి వేరు గట్టిగా ఉంటుంది, ఎండినప్పుడు వెండి రంగులోనూ, తడిస్తే పచ్చగానూ కనిపిస్తుంది.

మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్లినవన్నీ తీసేశాం. బొటనవేలి గోరంత పైన్ బెరడు ముక్కలు, వాటిలో కొన్ని బొగ్గు ముక్కలు కలిపి, చుట్టూ రంధ్రాలున్న చిన్న కుండీలో పెట్టాం. కుండీ వేళ్లకు ఇరుగ్గా ఉండాలి. పెద్దది పెడితే మధ్యలో తడి నిలిచి మళ్లీ అదే కథ. రోజూ నీళ్లు మానేసి, వేళ్లు వెండి రంగుకు తిరిగినప్పుడే పోయడం మొదలుపెట్టింది పిన్ని. వేసవిలో వారానికి రెండు మూడుసార్లు, చలికాలంలో వారానికోసారి. పోర్లో నీళ్లకు బదులు ఏసీ నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు. మన బోరు నీళ్లలోని ఉప్పు తెల్లగా వేళ్లకు పట్టేస్తుంది. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్దాలి, లేకపోతే మొక్క నడిమి నుంచే కుళ్లుతుంది.

ఇది జూలైలో. ఆ చలికాలం పూలు రాలేదు. వచ్చింది నాలుగు కొత్త వేళ్లు, ఒక ఆకు. పిన్నికి నిరాశే కానీ అలాగే జరగాలి. పూల కాడ వేయడానికి మొక్క ముందుగా పిండి పదార్థం దాచుకోవాలి. వేళ్లు లేని మొక్కకు, చీకట్లో ఉన్న మొక్కకు ఎంత చలి తగిలినా లాభం లేదు.

ఇక అసలైన చలి విషయం. రాత్రి, పగలు ఉష్ణోగ్రతల తేడాయే పూయిస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2006లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని విడదీసి చూశారు. పగలు 29 డిగ్రీలు ఉంచితే, రాత్రి చల్లబరచినా కాడలు రాలేదు. పగలు చల్లగా ఉంటేనే వచ్చాయి. అంటే ఫెలనాప్సిస్ లెక్కపెట్టేది ముఖ్యంగా పగటి చల్లదనాన్ని. దాదాపు 26 డిగ్రీలు దాటకుండా కొన్ని వారాలు గడవాలి.

మరి రాత్రి చలి దండగా? కాదు. హైదరాబాద్ డిసెంబర్‌లో రాత్రి కిటికీ తెరిచి ఉంచితే గోడలు, గచ్చు, కుండీ అన్నీ చల్లబడతాయి, ఆ చల్లదనం మర్నాడు మధ్యాహ్నం దాకా గదిని వేడెక్కనివ్వదు. కిటికీలు మూసుకుని పడుకునే ఇంట్లో ఆ అవకాశం పోతుంది. అందుకే రెండో ఏడు నవంబర్ నెలాఖరున మొక్కను తూర్పు బాల్కనీలోకి మార్చి, పక్కన చిన్న థర్మామీటర్ పెట్టించాను. పది గంటల తర్వాత అక్కడ ఎండ రాదు. రాత్రి 16, 17 డిగ్రీలు. మధ్యాహ్నం రెండింటికి 25. చూడాల్సింది ఆ రెండు గంటల అంకెనే.

జనవరి రెండో వారంలో కింది ఆకు మొదట్లో పచ్చని మొన ఒకటి తొంగిచూసింది. వేరా, కాడా అని పిన్నికి రెండు రోజులు టెన్షన్. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కాడ కొస చదునుగా, చిన్న పిల్లల చేతి తొడుగులా ఒక పక్కకి నొక్కుతో ఉంటుంది, పైకి తిరుగుతుంది. ఇది కాడే. అప్పటి నుంచి కుండీని తిప్పకూడదు, తిప్పితే కాడ మెలికలు పోతుంది. మార్చి నెలాఖరుకి ఏడు పూలు విచ్చాయి.

కాడ చిన్నగా ఉన్నప్పుడు ఎండలు ముదిరితే మొగ్గల బదులు కాడ మీద పిల్ల మొక్క వస్తుంది. అందుకే ఫిబ్రవరిలోనే దాన్ని బాల్కనీ నుంచి లోపలి తూర్పు కిటికీ దగ్గరకు తెచ్చాం.

విశాఖ, కాకినాడ, విజయవాడ వాళ్లకు ఇది అంత సులువు కాదు. అక్కడ చలికాలం మధ్యాహ్నాలు కూడా 28 డిగ్రీలు దాటుతుంటాయి. ఇంట్లో పగలంతా చల్లగా ఉండే ఉత్తరపు గది ఉండి, కిటికీ దగ్గర వెలుతురూ ఉంటే ప్రయత్నించవచ్చు. రాత్రి మాత్రమే ఏసీ వేసే పడకగది సరిపోదు. ఆర్కిడ్ కావాలి, శ్రమ వద్దు అనుకునేవాళ్లు అక్కడ డెండ్రోబియమ్ పెంచుకోవడం మేలు. పూజకు, బొకేలకు వాడే ఊదా రంగు థాయ్ రకాలు వేడిలోనే హాయిగా పూస్తాయి.