మార్చిలో జమైన తొమ్మిది లక్షలు

హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఉందనుకుందాం. క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్లు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను చందా పద్ధతిలో ఇస్తుంది. నెలకు వెయ్యి రూపాయలు. ఫిబ్రవరి చివరికి 200 క్లినిక్‌లు నెలనెలా కడుతున్నాయి, అంటే నెలకు 2 లక్షల రాబడి. మార్చి మొదట్లో ఆ సంస్థ ఒక ఆఫర్ పెట్టింది: ఏడాది చందా ఒకేసారి కడితే 12,000 బదులు 9,600 చాలు. పాత క్లినిక్‌లలో 60 ఏడాది ప్లాన్‌కు మారాయి. కొత్తగా మరో 20 చేరి నేరుగా ఏడాదికే కట్టాయి. మిగిలిన 140 ఎప్పట్లాగే నెలకు వెయ్యి కట్టాయి. జీఎస్టీని పక్కన పెడితే, నెలాఖరుకు బ్యాంకులో పడింది 9,08,000 రూపాయలు. అందులో 7,68,000 ఏడాది ప్లాన్లవి, 1,40,000 నెలవారీవి.

ఫిబ్రవరిలో రెండు లక్షలు, మార్చిలో తొమ్మిది లక్షలు. ఖాతా చూసుకున్న యజమానికి వ్యాపారం నాలుగున్నర రెట్లు పెరిగిందనిపిస్తుంది. కానీ ఆ సంస్థ నెలవారీ రాబడిలో నిజంగా పెరిగింది నాలుగు వేల రూపాయలే.

ఆ నాలుగు వేలు ఎలా తేలాయో చూడాలంటే చందా వ్యాపారాలు నడిపేవాళ్లు రోజూ తలిచే ఒక లెక్క తెలియాలి. దాన్ని మంత్లీ రికరింగ్ రెవెన్యూ అంటారు, పొట్టిగా ఎంఆర్‌ఆర్. ఇవాళ్టి నుంచి కొత్తగా ఎవరూ చేరకుండా, ఉన్నవాళ్లెవరూ మానకుండా ఉంటే మన చందాలన్నీ కలిసి నెలకు ఎంత సంపాదించి పెడతాయన్నది అది చెబుతుంది. ఈ నెల ఖాతాలో ఎంత పడిందన్న ప్రశ్నతో దానికి సంబంధం లేదు. అది వేరే లెక్క. దానికి బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది.

లెక్క కట్టే పద్ధతి తేలికే. చందాదారుల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కరి పక్కన నెలకు ఎంత అవుతుందో రాయాలి. నెలవారీగా కట్టేవాళ్లది ఉన్నదున్నట్టు వేయాలి. మూడు నెలలకోసారి కట్టేవాళ్లదైతే మూడుతో, ఏడాదికైతే 12తో, రెండేళ్లకైతే 24తో భాగించాలి. వారానికోసారి కట్టేవాళ్లుంటే చాలామంది నాలుగుతో గుణించి ఊరుకుంటారు. ఏడాదికి 52 వారాలు కాబట్టి 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 300 కట్టే చందా నెలకు 1,300 అవుతుంది, 1,200 కాదు. చివరికి అన్నీ కూడాలి.

ఏ డబ్బు కలపకూడదన్నది కూడా అంతే ముఖ్యం. సాఫ్ట్‌వేర్ పెట్టించినందుకు ఒకసారి తీసుకునే రుసుము, సిబ్బందికి శిక్షణ ఇచ్చినందుకు తీసుకున్నది, క్లినిక్ అదనంగా కొనుక్కున్న ఎస్ఎంఎస్‌ల ప్యాకు, ఇవేవీ వచ్చే నెల మళ్లీ వస్తాయన్న నమ్మకం లేదు కాబట్టి ఈ లెక్కలోకి రావు. ఉచిత ట్రయల్‌లో ఉన్నవాళ్లు డబ్బు కట్టేదాకా సున్నాయే. తగ్గింపు ఇస్తే తగ్గించిన ధరే వేయాలి, ధరల పట్టికలోది కాదు. జీఎస్టీ మన డబ్బే కాదు, వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సింది.

ఇప్పుడు మన క్లినిక్‌ల దగ్గరికి వద్దాం. నెలవారీ 140 క్లినిక్‌లది 1,40,000. ఏడాది ప్లాన్‌లోని 80 క్లినిక్‌లది ఒక్కొక్కటి 9,600ను 12తో భాగిస్తే 800 చొప్పున 64,000. మొత్తం 2,04,000. ఫిబ్రవరి కంటే నాలుగు వేలు ఎక్కువ. ఇందులో కొత్తగా వచ్చిన 20 క్లినిక్‌లు 16,000 కలిపాయి. పాత 60 క్లినిక్‌లు వెయ్యి నుంచి ఎనిమిది వందలకు దిగడంతో 12,000 తగ్గాయి. ఒక్క మొత్తం చూసి ఊరుకోకుండా ఇలా కొత్తవి ఎంత, పెరిగినవి ఎంత, తగ్గినవి ఎంత, పోయినవి ఎంత అని విడదీసి రాసుకునే అలవాటు ఉంటే, ఆఫర్ ఎక్కడ లాభించిందో, ఎక్కడ కోసిందో అక్కడికక్కడే తెలుస్తుంది.

ఏడాది డబ్బు చేతికి వచ్చేసింది కదా, ఇంకా పన్నెండుగా పంచడమెందుకని అనిపించవచ్చు. ఇంటి యజమానికి అద్దెకున్నవాళ్లు ఏడాది అద్దె ఒకేసారి ఇస్తే, ఆ ఇంటి నెల అద్దె పన్నెండు రెట్లు పెరిగిందని ఆయన అనుకోడు. మిగతా పదకొండు నెలలూ వాళ్లను ఆ ఇంట్లో ఉండనివ్వాలని ఆయనకు తెలుసు. ఇక్కడా అంతే. మార్చి 1న ఏడాది చందా కట్టిన క్లినిక్‌కు ఫిబ్రవరి ఆఖరు వరకు సాఫ్ట్‌వేర్ నడిపించాలి, ఫోన్ చేస్తే పలకాలి, సర్వర్ల అద్దె కట్టాలి. 80 క్లినిక్‌లూ ఒకటో తేదీనే మొదలుపెట్టాయనుకుంటే, నెలాఖరుకు సంస్థ తన సేవతో సంపాదించుకున్నది 64,000. మిగతా 7,04,000 ఇంకా చేయని పనికి ముందే అందిన సొమ్ము. అకౌంటెంట్ దాన్ని ఆదాయంలో వేయడు, అప్పుల వైపు వేస్తాడు. కస్టమర్లతో ఒప్పందాల నుంచి వచ్చే ఆదాయానికి మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 ప్రమాణం చెప్పేదీ అదే: సేవ అందించే కొద్దీ ఆదాయం.

ఎంఆర్‌ఆర్, పుస్తకాల్లోని ఆదాయం అచ్చం ఒకటే కావు. ఒక క్లినిక్ మార్చి 20న ఏడాది ప్లాన్ తీసుకుందనుకోండి. అకౌంటెంట్ ఆ నెలలో మిగిలిన 12 రోజులకే, అంటే సుమారు 316 రూపాయలే ఆదాయంగా రాస్తాడు. ఎంఆర్‌ఆర్‌లో మాత్రం ఆ రోజు నుంచే పూర్తి 800 చేరుతుంది, ఎందుకంటే అది ఆ తేదీన వ్యాపారం నడుస్తున్న వేగాన్ని కొలుస్తుంది. రోజుల లెక్కన కడితే 28 రోజుల ఫిబ్రవరిలో ఏ కారణమూ లేకుండా తగ్గి, మార్చిలో మళ్లీ పెరిగేది. 12తో భాగించడం వల్ల ఆ ఊగిసలాట ఉండదు.

పంచకపోతే జరిగే నష్టం జీతాల రోజున కనబడుతుంది. ఈ సంస్థకు అన్ని ఖర్చులూ కలిపి నెలకు 1,80,000 అనుకుందాం. మార్చి ఖర్చులు పోగా 7,28,000 మిగిలింది. తొమ్మిది లక్షలు చూసిన ధైర్యంతో యజమాని ముగ్గురిని కొత్తగా పెట్టుకున్నాడు, జీతాలు నెలకు మరో 1,20,000. ఏప్రిల్ నుంచి ఖర్చు 3 లక్షలు. రాబడి? ఏడాది ప్లాన్ క్లినిక్‌లు మళ్లీ వచ్చే మార్చి దాకా పైసా కట్టవు కాబట్టి 1,40,000 మాత్రమే. నెలకు 1,60,000 చొప్పున కరిగి, జులై చివరికి ఖాతాలో 88,000 ఉంటుంది. ఆగస్టు జీతాలు ఇవ్వలేడు. ఆ 80 క్లినిక్‌లకు మాత్రం ఇంకా ఏడు నెలలు సేవ బాకీ ఉంటాడు. 2,04,000 అన్న అంకెను ముందే చూసి ఉంటే, పాత ఖర్చుల మీద నెలకు మిగిలేది 24,000 అనీ, అందులో ముగ్గురి జీతాలు ఇమడవనీ మార్చిలోనే తేలిపోయేది. ఇంకోటి, జీఎస్టీని నెలలవారీగా పంచుకునే వీలు లేదు. ఏడాది బిల్లు మొత్తం మీద 18 శాతం, అంటే 1,38,240 రూపాయలు, నెలవారీ రిటర్ను వేసేవాళ్లైతే ఏప్రిల్ 20లోగా కట్టేయాలి. అది ఖాతాలో ఉన్నన్నాళ్లు మన డబ్బులాగే కనబడుతుంది.

పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ఈ పొరపాటు మరీ పెద్దదవుతుంది. 9,08,000ను పన్నెండుతో గుణిస్తే ఏడాదికి కోటి తొమ్మిది లక్షల వ్యాపారంగా కనిపిస్తుంది. అసలు వేగం 24,48,000. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోకపోయినా అబద్ధమే అవుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఎంఆర్‌ఆర్ అని చెప్పిన మొత్తాన్ని చందాదారుల సంఖ్యతో భాగించాలి. 9,08,000ను 220తో భాగిస్తే 4,127 వస్తుంది. అన్నిటికంటే ఖరీదైన ప్లానే నెలకు వెయ్యి అయినప్పుడు సగటు నాలుగు వేలు ఎలా అవుతుంది? 2,04,000ను భాగిస్తే 927, అంటే 800కూ 1,000కీ మధ్య, ఉండాల్సిన చోటే ఉంది.

అలాగని ఏడాది ప్లాన్ చెడ్డదని కాదు, ఎంఆర్‌ఆర్ అన్నీ చెబుతుందనీ కాదు. నెలవారీ కట్టేవాళ్లలో నెలకు 5 శాతం మంది మానేస్తున్నారనుకుందాం. 140 మందిలో ఏడుగురు. ఆ వేగంతో వెళితే ఇవాళ చేరిన నెలవారీ క్లినిక్ నుంచి ఏడాదిలో సగటున వచ్చేది 12,000 కాదు, సుమారు 9,190 మాత్రమే. ఏడాది ప్లాన్ క్లినిక్ ముందే 9,600 కట్టేసింది. 20 శాతం తగ్గించి ఇచ్చినా సంస్థకు నాలుగు వందలు ఎక్కువే వచ్చాయి. మానేసేవాళ్లు తక్కువగా ఉన్న వ్యాపారంలో ఇదే తగ్గింపు నష్టం అవుతుంది. ఎంఆర్‌ఆర్ ఒక్కదాన్నే చూస్తే రెండు సందర్భాల్లోనూ క్లినిక్‌కు 200 పడిపోయినట్టే ఉంటుంది. కాబట్టి తగ్గింపు ఎంతివ్వాలో నిర్ణయించేది మానేసేవాళ్ల శాతం.

ఆ శాతాన్ని లెక్కించడంలోనూ ఏడాది ప్లాన్లు తికమక పెడతాయి. జూన్‌లో ఏడు క్లినిక్‌లు మానేస్తే, మొత్తం 220తో భాగించి 3.2 శాతమేనని సంతోషించవచ్చు. కానీ ఏడాదికి కట్టిన 80 క్లినిక్‌లు జూన్‌లో మానేయాలనుకున్నా గడువు రాలేదు. మానే అవకాశం ఉన్న 140తోనే భాగించాలి, అప్పుడది 5 శాతం. ఆ 80లో సాఫ్ట్‌వేర్ తెరవడమే మానేసినవి ఎన్ని ఉన్నా, 800 చొప్పున ప్రతి నెలా లెక్కలో కనిపిస్తూనే ఉంటాయి. వచ్చే మార్చిలో గడువు తీరాక 20 క్లినిక్‌లు కొనసాగకపోతే 16,000 ఒక్క నెలలో పోతుంది. గడువు తీరిన 80లో అది నాలుగోవంతు.

అందుకే జాబితాలో ప్రతి ఏడాది ప్లాన్ పక్కన గడువు తేదీ, ఆ క్లినిక్ సాఫ్ట్‌వేర్‌ను ఆఖరిసారి వాడిన తేదీ కూడా రాసుకోవాలి. డిసెంబరులో ఆ రెండో తేదీలను తిరగేస్తే మార్చిలో ఎవరు ఉంటారో చాలావరకు అంచనా వేయవచ్చు. అప్పటికి ఫోన్ చేసి మాట్లాడటానికి మూడు నెలల సమయం ఉంటుంది.