మిగిలిన మ్యాచుల్లోనే టైటిల్ ధర

2023 జనవరి 22 రాత్రి ప్రీమియర్ లీగ్ పట్టికలో ఆర్సెనల్‌కు 19 మ్యాచుల్లో 50 పాయింట్లు, మాంచెస్టర్ సిటీకి 20 మ్యాచుల్లో 45. అయినా టైటిల్ ఖాయమని చెప్పలేం. ఆ రెండు జట్లూ తమలో తాము ఇంకా రెండుసార్లు తలపడాలి.

ధర కట్టేవారు ముందు ప్రతి జట్టు దాడికీ రక్షణకూ రేటింగ్ ఇస్తారు. సొంత మైదానపు బలాన్నీ కలిపి, ప్రతి మ్యాచ్‌లో ఎవరు సగటున ఎన్ని గోల్స్ చేయొచ్చో లెక్కగడతారు. ఆ సగటు ఆధారంగా కంప్యూటర్ ఒక్కో మ్యాచ్‌కూ స్కోరు తీసి, వచ్చిన పాయింట్లను ఇప్పటి పట్టికకు కలుపుతుంది. ఇలా సీజన్‌ను 10,000 సార్లు ఆడిస్తారు. అందులో సిటీ 4,000 సార్లు గెలిస్తే అవకాశం 40 శాతం, న్యాయమైన ధర 2.50. బుక్‌మేకర్ తన లాభం కోసం అంతకంటే తక్కువ ఇస్తాడు. అవే ఫలితాల్లో చివరి మూడు స్థానాలను లెక్కిస్తే, కింది లీగ్‌కు జారే జట్ల ధరలూ వచ్చేస్తాయి.

అసలు చిక్కు రేటింగ్‌లోనే ఉంది. అది కూడా అంచనాయే. దాన్ని స్థిరంగా ఉంచితే ముందున్న జట్టుకు అవకాశం అతిగా కనిపిస్తుంది. అందుకే ప్రతి పరుగులోనూ రేటింగ్‌ను కొంచెం పైకో కిందికో మార్చాలి. సిటీ ఆ రెండు మ్యాచులూ గెలిచి, 89–84తో టైటిల్ అందుకుంది.